చీలమండ బెణికినప్పుడు: తొలిరోజు ఎముక, ఐదో రోజు లిగమెంటు

చీలమండ మెలిక పడి ఆసుపత్రికి వచ్చే వందమందిలో ఎముక విరిగినవాళ్లు పదిహేనుమందికి మించరు. మిగతావాళ్లది బెణుకు. అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు సాగడమో, చిరగడమో జరిగిందన్నమాట. అయినా చాలాకాలం పాటు దాదాపు అందరికీ ఎక్స్‌రే తీస్తూ వచ్చారు. వాపు చూడగానే ఎందుకైనా మంచిదని డాక్టరు రాసేవారు. ఫిల్ము చూస్తే తప్ప రోగికీ మనసు నిలిచేది కాదు. ఎవరికి ఎక్స్‌రే అవసరం లేదో చేత్తో పరీక్షించి తేల్చే పద్ధతి ఒకటి 1992లో కెనడాలోని ఒట్టావా నగరంలో తయారైంది. అక్కడి ఎమర్జెన్సీ వైద్యుడు ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు 750 మంది రోగులను పరీక్షించి దాన్ని రూపొందించారు. వైద్యులు దాన్ని ఒట్టావా చీలమండ నియమాలు అంటారు.

వాళ్లు పనిచేసిన తీరు తెలిస్తే నియమాల మీద నమ్మకం ఎందుకు ఉంచవచ్చో అర్థమవుతుంది. ఒక్కో రోగిలో 32 అంశాలను ముందే అనుకున్న పద్ధతిలో నమోదు చేశారు. వాపు ఎంత, కమిలిందా, ఎక్కడ నొక్కితే నొప్పి, వయసెంత, నడవగలుగుతున్నారా, ఇలా. ఆ తర్వాత ఎక్స్‌రేలో విరుగుడు కనబడినవాళ్లనూ కనబడనివాళ్లనూ వేరుచేసి, ఏ అంశాలు విరుగుడును పట్టిస్తున్నాయో లెక్క కట్టారు. వాపు ఆ జాబితాలో నిలవలేదు. ఇంట్లోవాళ్లు మొదట చూసేదీ, అందరినీ భయపెట్టేదీ వాపే. కానీ పెద్ద వాపు ఒట్టి బెణుకులోనూ వస్తుంది, చిన్న వాపు వెనక విరిగిన ఎముకా ఉండవచ్చు. మొదటి జాబితాలో 55 ఏళ్లు పైబడిన వయసు కూడా ఒక అంశంగా ఉండేది. 1993లో నియమాలను కొత్త రోగుల మీద మళ్లీ సరిచూసి, అది లేకపోయినా ఫలితం తగ్గడం లేదని తేలాక తీసేశారు. చివరికి మిగిలినవి రెండే: ఎముక మీద ఫలానా చోట్ల నొక్కినప్పుడు వచ్చే నొప్పి, నాలుగు అడుగుల నడక.

ఆ చోట్లు ఏవో తెలియాలంటే చీలమండ కట్టడి కాస్త తెలియాలి. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా చేతికి తగిలే రెండు ఎముక బుడిపెలు ఉంటాయి. బయటివైపు బుడిపె ఫిబులా అనే సన్నని ఎముక కింది కొస. లోపలివైపుది టిబియా అనే పెద్ద ఎముక కొస. బయటి బుడిపె లోపలి దానికంటే కిందికి దిగి ఉంటుంది. అందుకే పాదం బయటికి తిరగడానికి అడ్డు ఎక్కువ, లోపలికి మడత పడడానికి అడ్డు తక్కువ. చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం పాదం లోపలికి మడత పడి, బయటివైపు లిగమెంట్ల మీద భారం పడినవే.

బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. బుడిపె ముందు అంచు నుంచి ముందుకు పోయి, పాదం పైభాగాన ఉండే టేలస్ అనే ఎముకను పట్టుకునేది ముందు లిగమెంటు. బుడిపె కొస దగ్గర మొదలై కిందికి దిగి మడమ ఎముకను పట్టుకునేది మధ్యది. వెనక్కి పోయే మూడోది చాలా బలమైనది, అది చిరగడం అరుదు. మూడింటిలో బలహీనమైనది ముందుది. పాదం వేళ్లు కిందికి వాలినప్పుడు బిగుసుకునేదీ అదే. మెట్టు దిగేటప్పుడైనా, ఎగిరి నేల మీదికి వచ్చేటప్పుడైనా వేళ్లే ముందు కిందికి వాలతాయి. ఆ క్షణంలో పాదం మడత పడితే దెబ్బ మొదట ముందు లిగమెంటుకే తగులుతుంది.

ఇక నియమాలు. చీలమండ బుడిపెల చుట్టూ నొప్పి ఉండి, దానితోపాటు మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చీలమండకు ఎక్స్‌రే తీయాలి. బయటి బుడిపె కొస మీద గానీ, కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు దాని వెనక అంచు మీద గానీ నొక్కితే ఎముక నొప్పి పుట్టడం మొదటిది. లోపలి బుడిపె మీద అవే చోట్ల నొప్పి పుట్టడం రెండోది. దెబ్బ తగిలిన వెంటనేనూ, ఆసుపత్రిలో పరీక్ష సమయంలోనూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోవడం మూడోది.

వెనక అంచు అని అంత కచ్చితంగా ఎందుకు చెప్పారన్నది ఈ నియమాల్లో అన్నిటికంటే తెలుసుకోదగ్గ విషయం. ముందు లిగమెంటు బుడిపె ముందు అంచుకు అతుక్కుని ఉంటుంది కాబట్టి, బెణికిన ప్రతి కాలికీ అక్కడ నొక్కితే నొప్పి పుడుతుంది. అక్కడ నొక్కి చూసే పరీక్ష బెణుకునూ విరుగుడునూ వేరు చేయలేదు. ఎముకకూ లిగమెంటుకూ నొప్పి కలగలిసిపోని చోటు వెనక అంచు. ఎముక విరిగితే అక్కడ నొప్పి ఉంటుంది, ముందు లిగమెంటు మాత్రమే చిరిగితే సాధారణంగా ఉండదు. హడావుడిలో వేలు సెంటీమీటరు ముందుకు జరిగిందంటే బెణుకు కూడా విరుగుడులా అనిపించి అక్కర్లేని ఎక్స్‌రే రాస్తారు. వాపు మీద భయంభయంగా వేలు ఆనించి వదిలేస్తే దానికి విరుద్ధమైన తప్పు జరుగుతుంది, విరిగిన ఎముకే చేయి దాటిపోతుంది. వాపును మెల్లగా పక్కకు నొక్కుతూ వేలు ఎముక దాకా దిగాలి. పరీక్ష పైనుంచి, నొప్పి లేని చోట మొదలుపెట్టి, బాగా నొప్పి ఉంటుందనుకునే చోటుకు చివర రావడం మేలు. మొదటే నొప్పి పుట్టిస్తే ఆ తర్వాత ఎక్కడ తాకినా రోగి కాలు లాగేసుకుంటాడు.

నాలుగు అడుగుల మాటనూ సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఒక్కో కాలి మీద రెండుసార్లు బరువు మోపగలగాలి, అంతే. కుంటినా పరవాలేదు, గోడ మీదికి వాలకుండా బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారితే చాలు. వెంటనే నడిచి, వాపు పెరిగాక మాత్రమే నడవలేకపోయిన వ్యక్తికి ఈ అంశం వర్తించదు. రెండు సందర్భాల్లోనూ నడవలేకపోయినప్పుడే వర్తిస్తుంది. ఈ చిన్న షరతును మరిచిపోయి, పరీక్ష గదిలో నడవలేదు కాబట్టి ఎక్స్‌రే అని రాయడం తరచుగా జరిగే పొరపాటు.

నియమాల్లో రెండో భాగం పాదం మధ్యభాగానికి సంబంధించినది. అక్కడ నొప్పి ఉన్నవాళ్లలో చూడవలసిన చోట్లు రెండు. పాదం బయటి అంచున, చిటికెన వేలి వెనక సాగే పొడవాటి ఎముక మొదలు ఒకటి. పాదం లోపలి అంచున వంపు దగ్గర ఉండే నావిక్యులర్ ఎముక రెండోది. ఈ రెండు చోట్లలో ఎక్కడ నొక్కితే నొప్పి పుట్టినా, లేదా ఇంతకుముందు చెప్పినట్టు రెండుసార్లూ నడవలేకపోయినా, పాదానికి ఎక్స్‌రే తీయాలి. చీలమండ ఫిల్మూ పాదం ఫిల్మూ ఒకటి కావు. పాదం మడత పడినప్పుడు పిక్క బయటి కండరం ఒకటి తన స్నాయువుతో చిటికెన వేలి వైపు ఎముక మొదలును లాగి, చిన్న ముక్కను ఊడదీయవచ్చు. రోగి చీలమండ అనే అంటాడు, చూపుడు వేలు పెట్టి చూపించమంటే పాదం అంచును చూపిస్తాడు. ఆ వేలు ఎక్కడ ఆగిందో చూడకుండా చీలమండ ఫిల్ము మాత్రమే తీస్తే అసలు చోటు సరిగ్గా కనబడకపోవచ్చు.

ఈ నియమాలు ఎంతవరకు నమ్మదగినవన్నదానికి చాలా దేశాల అనుభవం ఉంది. 2003లో 27 అధ్యయనాలను, 15 వేలకు పైగా రోగులను కలిపి చూసిన సమీక్షలో, నియమాల ప్రకారం ఎక్స్‌రే అక్కర్లేదన్నవాళ్లలో విరుగుడు తేలినవాళ్లు నూటికి ఇద్దరికంటే తక్కువ. నియమాలు పాటిస్తే ఎక్స్‌రేలు సుమారు 30 నుంచి 40 శాతం తగ్గించవచ్చని అదే సమీక్ష తేల్చింది. రెండో వైపు బలం తక్కువ. నియమం ప్రకారం ఎక్స్‌రేకు పంపినవాళ్లలో చాలామందికి ఎముక బాగానే ఉంటుంది. నియమం పని విరుగుడు లేదని చెప్పడం వరకే. ఉందని చెప్పడం దాని చేతిలో లేదు. ఎక్స్‌రేకు రాశారు కాబట్టి ఎముక విరిగే ఉంటుందని రోగి బెంగపడనక్కర్లేదు.

తగ్గిన ఎక్స్‌రేల వల్ల లాభం రేడియేషన్ తగ్గడమేనని కొందరు అనుకుంటారు. చీలమండ ఎక్స్‌రేలో శరీరానికి తగిలే రేడియేషన్ చాలా స్వల్పం. అసలు లాభం సమయం, ఖర్చు. 1994లో ప్రచురితమైన ఒట్టావా అధ్యయనంలో, విరుగుడు లేకున్నా ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు ఎమర్జెన్సీలో సగటున 116 నిమిషాలు గడిపితే, ఎక్స్‌రే లేకుండా ఇంటికి వెళ్లినవాళ్లు 80 నిమిషాలు గడిపారు. తెలుగు పల్లెల్లో ఈ తేడా ఇంకా పెద్దది. ఎక్స్‌రే యంత్రం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పట్నానికి పంపడమంటే ఆటో ఖర్చు, ఒక రోజు కూలి, తోడు వచ్చిన మనిషి రోజు కూడా పోవడం.

నియమాలు పనిచేయని మనుషులు కొందరున్నారు, వాళ్లను గుర్తించడం నియమాలను గుర్తుంచుకోవడమంత అవసరం. మద్యం మత్తులో ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలి తెలివి సరిగా లేనివాళ్లు, వేరే చోట అంతకంటే పెద్ద గాయం ఉండి దాని నొప్పిలోనే మునిగిపోయినవాళ్లు నొక్కినప్పుడు ఇచ్చే జవాబును నమ్మడానికి లేదు. మొదటి అధ్యయనంలో 18 ఏళ్లలోపు వాళ్లనూ, గర్భిణులనూ, దెబ్బ తగిలి పది రోజులు దాటినవాళ్లనూ చేర్చలేదు. ఐదారేళ్లు దాటిన పిల్లల్లోనూ నియమాలు బాగా పనిచేస్తాయని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. కానీ పిల్లల ఎముక కొసల్లో ఎదిగే మెత్తని భాగం ఉంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. మన దగ్గర అన్నిటికంటే మరవకూడనిది మధుమేహం. ఏళ్ల తరబడి షుగరు ఉండి పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు విరిగిన ఎముక మీద కూడా నడిచి వస్తారు. నొక్కినా నొప్పి చెప్పరు. అలాంటివాళ్ల కాలు వాచి వెచ్చగా ఉంటే నియమం పక్కన పెట్టి ఎక్స్‌రే తీయడమే సరి.

నియమాల వేలు చేరని విరుగుడు కూడా ఒకటుంది. పాదం నేలకు ఆని ఉండగా కాలు బలంగా మెలి తిరిగితే, ఆ శక్తి టిబియా ఫిబులాల మధ్య ఉన్న పొర మీదుగా పైకి పాకి, ఫిబులాను మోకాలి దగ్గర విరుస్తుంది. దాన్ని వివరించిన ఫ్రెంచి సర్జన్ మైసన్నవ్ పేరుతో అది ఇప్పటికీ పిలవబడుతోంది. రోగి చూపించేది చీలమండనే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఫిబులాను మోకాలి కింది నుంచే తడుముకుంటూ వస్తారు. పిక్క మధ్యలో రెండు ఎముకలనూ దగ్గరికి నొక్కినప్పుడు చీలమండ పైన నొప్పి పుడితే, ఆ రెండు ఎముకలను కలిపి ఉంచే పై లిగమెంట్లు దెబ్బతిన్నాయని అనుమానించాలి. దీన్ని ఎత్తు బెణుకు అనవచ్చు. వాపు తక్కువగా ఉన్నా ఇది మామూలు బెణుకు కంటే ఆలస్యంగా మానుతుంది.

ఒక కేసును మొదటి నుంచి చూస్తే ఇదంతా చేతికి అందుతుంది. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు సాయంత్రం బడి మైదానంలో వాలీబాల్ ఆడుతూ నెట్టు దగ్గర ఎగిరి, కిందికి వస్తూ అవతలి ఆటగాడి పాదం మీద దిగాడనుకోవాలి. పాదం లోపలికి మడత పడింది, లోపల టప్‌మని చప్పుడు వినిపించింది. మిత్రుల భుజాల మీద చేతులు వేసి బెంచీ దాకా వచ్చాడు. పది నిమిషాల తర్వాత కుంటుతూ తనంతట తానే బండి దాకా నడిచాడు. క్యాజువాలిటీకి వచ్చేసరికి బయటి బుడిపె ముందు, కాస్త కిందుగా, గుడ్డంత వాపు ఉంది. టప్‌మన్నది ఎముకేనని వెంట వచ్చినవాళ్ల గట్టి నమ్మకం.

డాక్టరు మోకాలి కింద మొదలుపెట్టి ఫిబులా వెంట దిగారు, నొప్పి లేదు. పిక్క నొక్కితే నొప్పి లేదు. బయటి బుడిపె వెనక అంచున ఆరు సెంటీమీటర్లూ నొక్కారు, కొస మీద నొక్కారు, లేదు. లోపలి బుడిపె, పాదం బయటి అంచు, లోపలి వంపు, ఎక్కడా లేదు. చివరగా బుడిపె ముందు వేలు పెట్టగానే కాలు లాగేసుకున్నాడు. అది లిగమెంటు చోటు. లేచి నిలబడి కుంటుతూ నాలుగు అడుగులు వేశాడు. నియమాల ప్రకారం ఎక్స్‌రే అక్కర్లేదు. టప్‌మన్న చప్పుడుకు ఆ లెక్కలో చోటు లేదు. లిగమెంటు తెగినా అలాంటి చప్పుడే వస్తుంది.

అయితే ఆ లిగమెంటు ఎంత చిరిగిందో ఆ రాత్రి తేల్చడం కష్టం. బెణుకులను మూడు తరగతులుగా విడదీస్తారు. మొదటి తరగతిలో పురితాడు బలంగా లాగినప్పుడు ఒకటి రెండు పీచులు తెగినట్టు లిగమెంటు సాగుతుంది, తాడు మాత్రం నిలుస్తుంది. వాపు స్వల్పం, నడక దాదాపు మామూలే, కీలు గట్టిగా ఉంటుంది. రెండో తరగతిలో కొంత భాగం తెగుతుంది. వాపు, కమిలిన రంగు, నడిస్తే నొప్పి ఉంటాయి. కీలు కొద్దిగా వదులైనా, లాగినప్పుడు ఒకచోట గట్టిగా ఆగుతుంది. మూడో తరగతిలో లిగమెంటు పూర్తిగా తెగుతుంది, లాగితే ఆగవలసిన చోట ఆగదు. కొందరు డాక్టర్లు ఎన్ని లిగమెంట్లు తెగాయన్నదాన్ని బట్టి తరగతి చెబుతారు. ముందుది ఒక్కటే తెగితే ఒక తరగతి, మధ్యది కూడా తెగితే పై తరగతి. ఒకే కాలికి ఇద్దరు డాక్టర్లు వేర్వేరు అంకెలు చెప్పడానికి ఈ తేడా ఒక కారణం.

కీలు వదులును చూసే ముఖ్య పరీక్షలో రోగి మోకాలు వంచి కాలు వేలాడేసి కూర్చుంటాడు. డాక్టరు ఒక చేత్తో చీలమండ పైన కాలిని కదలకుండా పట్టుకుని, రెండో అరచేతిలో మడమను పొదివి పట్టి, పాదం వేళ్లు కొద్దిగా కిందికి వాలిన స్థితిలో మడమను ముందుకు లాగుతారు. ముందు లిగమెంటు బాగుంటే పాదం కొంచెం కదిలి ఆగుతుంది. తెగి ఉంటే పాదం ముందుకు జారుతుంది, బుడిపె ముందు చర్మం లోపలికి గుంట పడుతుంది. మడమను లోపలికి వంచి చూసే ఇంకో పరీక్ష మధ్య లిగమెంటు గురించి చెబుతుంది. రెండో కాలిని కూడా అలాగే పరీక్షించి పోల్చకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉండేవాళ్లు చాలామంది ఉంటారు.

తొలిరోజు ఈ పరీక్ష తడబడడానికి కారణం నొప్పే. కాలు పట్టుకోగానే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని కీలును కదలనివ్వవు. తెగిన లిగమెంటు కూడా గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. పైగా వాపు ఆ చిన్న గుంటను కప్పేస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్థోపెడిక్ సర్జన్ వాన్ డైక్ బృందం 1996లో దీన్ని కొలిచింది. దెబ్బ తగిలిన ఐదో రోజు చేసిన పరీక్ష, లిగమెంటు తెగినవాళ్లలో 96 శాతం మందిని పట్టుకుంది, తెగనివాళ్లలో 84 శాతం మందిని సరిగ్గా వదిలేసింది. మొదటి రెండు రోజుల్లో చేసిన పరీక్ష దీనికి చాలా వెనకబడింది. కాబట్టి తొలిరోజు ఎముక సంగతి తేల్చి, లిగమెంటు సంగతి నాలుగైదు రోజులకు వాయిదా వేయడం బద్ధకం కాదు, పద్ధతి. బాధాకరమేమంటే చాలామంది రోగులు ఎముక బాగుందన్న మాటతోనే తృప్తిపడి ఆ రెండో పరీక్షకు రారు.

వాలీబాల్ యువకుడు ఐదో రోజు వచ్చాడు. వాపు తగ్గింది, కమిలిన రంగు పాదం బయటి అంచు దాకా దిగింది. ముందు లిగమెంటు చోట నొక్కితే ఇంకా నొప్పి ఉంది. మడమను లాగినప్పుడు పాదం రెండో కాలి కంటే స్పష్టంగా ముందుకు జారి, గుంట పడింది. మడమను లోపలికి వంచినప్పుడు మాత్రం రెండు కాళ్లకూ తేడా లేదు. ముందు లిగమెంటు పూర్తిగా తెగింది, మధ్యది నిలిచింది. చిరుగును కొలిచే పద్ధతిలో ఇది మూడో తరగతి.

తరగతి తేలితే వైద్యం మారుతుంది. మొదటి తరగతికి కొద్ది రోజులు క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో పెట్టుకోవడం, నొప్పి ఓర్చుకోగలిగినంత నడక చాలు. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండో తరగతికి కీలు రెండు పక్కలా పట్టి ఉంచే బ్రేసు వేసి, ముందుగానే కదలికలు మొదలుపెట్టిస్తారు. తీవ్రమైన బెణుకుల మీద బ్రిటన్‌లో 584 మందితో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మోకాలి కిందుగా పది రోజులు కట్టు వేసినవాళ్లు మామూలు గొట్టం బ్యాండేజీ వేసుకున్నవాళ్ల కంటే మొదటి మూడు నెలల్లో త్వరగా కోలుకున్నారు. తొమ్మిది నెలలకు తేడా మిగల్లేదు. పది రోజులన్న హద్దు ముఖ్యం. నెలల తరబడి సిమెంటు కట్టులో ఉంచితే కీలు బిగుసుకుని, పిక్క కండరం సన్నబడుతుంది. పూర్తిగా తెగిన లిగమెంటుకు కూడా ఆపరేషన్ మొదటి మార్గం కాదు. చాలామందికి బ్రేసు, వ్యాయామంతోనే కుదురుతుంది.

తెలుగు ప్రాంతాల్లో బెణికిన కాలికి నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, లాగి సరిచేయడం ఇంకా ఉంది. తొలి రెండు మూడు రోజుల్లో లోపల రక్తం ఊరుతూనే ఉంటుంది కాబట్టి గట్టి మర్దన వాపును పెంచుతుంది. పుత్తూరు కట్టు లాంటి కట్లను నమ్మేవాళ్లు కూడా, ఒట్టావా నియమాలు ఎక్స్‌రే తీయమన్నప్పుడు ఆ ఫిల్ము తీయించాకే కట్టు సంగతి ఆలోచించాలి. జరిగిన ఎముక మీద బిగించిన కట్టు దాన్ని జరిగినచోటే అతికిస్తుంది.

యువకుడికి బ్రేసు వేసి, రెండో వారం నుంచి పాదాన్ని పైకీ కిందికీ, పక్కలకూ కదిపే వ్యాయామాలు, ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడే సాధన చెప్పారు. ఈ చివరిది కాళ్లలో బలం కోసం మాత్రమే కాదు. లిగమెంటులో పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలిపే నరాల కొసలుంటాయి. అవి దెబ్బతింటే నొప్పి పోయాక కూడా పాదం మళ్లీ మళ్లీ మడత పడుతుంది. ఒంటికాలి సాధనతో కండరాలు ఆ లోటును పూరించడం నేర్చుకుంటాయి. ఆటకు తిరిగి వెళ్లడానికి ఆయనకు రెండు మూడు నెలలు పడుతుంది.

తొలిరోజు ఎక్స్‌రే అక్కర్లేదన్నది ఆనాటి నిర్ణయం. ఐదు నుంచి ఏడు రోజులైనా నడక మెరుగవకపోతే మళ్లీ పరీక్షించి, అవసరమనిపిస్తే అప్పుడు ఫిల్ము తీయాలి. ఆరు వారాలు దాటినా కీలు లోతుల్లో నొప్పి ఉంటే, నడుస్తుంటే కీలు పట్టేసినట్టు ఉంటే, టేలస్ పైనున్న మృదులాస్థి దెబ్బతిన్నదేమోనని ఎంఆర్‌ఐ చేయిస్తారు. ఆ గాయం తొలిరోజు ఎక్స్‌రే తీసినా తరచు కనబడదు.